ముభావంగా మారిన స్నేహితుణ్ని పలకరించడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: "ఏమైందిరా, చెప్పు" అని గట్టిగా అడిగితేనే బయటపడతాడు.

వాస్తవం: దిగులులో ఉన్నవాడికి చాలాసార్లు కారణం తనకే తెలియదు. అందుకే "ఏం లేదురా" అని తప్పించుకుంటాడు. కారణం అడక్కండి, మీ కంటపడిన ఒక్క మార్పు చెప్పండి. విశాఖ గాజువాకలో ఉండే మిత్రుడు మూడు ఆదివారాలుగా క్రికెట్‌కి రావడం లేదనుకుందాం. గ్రూపులో కాకుండా విడిగా మెసేజ్ పెట్టండి: "మూడు వారాలైంది నిన్ను గ్రౌండ్‌లో చూసి. రేపు సాయంత్రం మీ వీధి చివర టీ కొట్టుకి వస్తా, కాసేపు నడుద్దామా? ఓపిక లేకపోతే జవాబివ్వకపోయినా ఏమీ అనుకోను."

ఆ చివరి మాట వదిలేయకండి. బదులివ్వని మెసేజ్‌లు పేరుకున్నకొద్దీ సిగ్గు పెరిగి, మనిషి ఇంకా దూరం జరుగుతాడు. ఆర్కే బీచ్‌కి రమ్మనడం కూడా వద్దు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అంత దూరం రావడమే ఆ స్థితిలో పెద్ద పని. మీరే వెళ్లండి.

అపోహ: నాలుగు ధైర్యం మాటలు చెబితే తేరుకుంటాడు.

వాస్తవం: నడుస్తూ అతను "రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదురా" అన్నాడనుకోండి. మన నోటికి వెంటనే వచ్చేది "యోగా చెయ్యి", లేదంటే "సింహాచలం వెళ్లొద్దాం పద". మనసు మంచిదే. కానీ అతనికి అర్థమయ్యేది ఈ మాట ఇక్కడితో ముగిసిందని, తను చేయలేని పనుల్లో ఇంకోటి చేరిందని. బదులుగా అతని మాటే అందుకోండి: "అసలు పట్టట్లేదా?" అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనం మీకే ఇబ్బంది, అతనికి మాట కూడదీసుకునే వ్యవధి. పక్కపక్కనే నడుస్తుంటే కళ్లలోకి చూడక్కర్లేదు కాబట్టి చెప్పడం తేలిక. తర్వాత "వింటే చాలా, ఏమైనా చెయ్యనా?" అని అడగండి. చెప్పనంటే తవ్వొద్దు. రెండు మూడు రోజులాగి మళ్లీ పలకరించండి, ఆ విషయం ఎత్తకుండానే.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: పుట్టదు. "ఇంక నా వల్ల కాదు", "నేను లేకపోతేనే నయం" లాంటి మాటలు వినిపిస్తే సూటిగానే అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" ఔనంటే ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందు అందకుండా తీసేయించండి, ఇంట్లో నమ్మకమైనవాళ్లకు చెప్పండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అప్పటికప్పుడు ప్రాణాపాయం అనిపిస్తే 108కి చేయండి.

అంత ప్రమాదం కనబడకపోయినా, రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగానో దేనిమీదా ఆసక్తి లేకుండానో ఉంటే డాక్టరు చూడాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. "వెళ్లి చూపించుకో" అంటే ఆ వెళ్లడం వాయిదా పడుతూనే ఉంటుంది. "ఏ రోజు వెళ్దాం? బండి మీద నేను తీసుకెళ్తా, ఓపీ చీటీ నేను రాయిస్తా" అనండి.