ఓట్స్ జిగురు ఎల్‌డీఎల్‌ను ఎలా తగ్గిస్తుంది?

ఓట్స్‌ను నీళ్లలో ఉడికించి కాసేపు పక్కన పెడితే, గరిటెకు అంటుకునేంత చిక్కటి జిగురు తేలుతుంది. ఆ జిగురుకు కారణం బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను తగ్గించడంలో ఓట్స్‌కున్న బలం చాలావరకు ఇదే. అయితే అది రక్తంలోకి వెళ్లదు, కొలెస్ట్రాల్‌ను కరిగించదు. దాని పనంతా పేగులోనే.

తిన్న కొవ్వు అరగడానికి కాలేయం పిత్తామ్లాలను తయారుచేసి పేగులోకి పంపుతుంది. వాటికి ముడిసరుకు కొలెస్ట్రాలే. పని పూర్తయ్యాక వాటిలో దాదాపు 95 శాతాన్ని శరీరం వదులుకోదు. చిన్నపేగు చివరి భాగంలో తిరిగి పీల్చుకుని కాలేయానికే చేరుస్తుంది. ఓట్స్ జిగురు అడ్డుపడితే వాటిలో కొన్ని వెనక్కి రాకుండా మలంతో పోతాయి. ఆ లోటు పూడ్చాలంటే కాలేయానికి మళ్లీ కొలెస్ట్రాల్ కావాలి. అందుకని తన కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను పెంచుకుని, రక్తంలో తిరుగుతున్న ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుంటుంది. ఈ గ్రాహకాల గుట్టు విప్పినందుకే మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

చాలామంది దెబ్బతినేది మోతాదు దగ్గరే. రోజుకు కనీసం 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితేనే పరీక్షలో తేడా కనిపిస్తుంది. మామూలు ఓట్స్‌లో అది సుమారు 4 శాతమే కాబట్టి, పొడి ఓట్స్ 75 గ్రాములు కావాలి. రెండు చెంచాలు పాలలో కలుపుకుంటే సరిపోదు. 75 గ్రాములూ ఒకేసారి తినలేకపోతే ఉదయం సగం, సాయంత్రం సగం తినవచ్చు. ఓట్స్ తవుడులో బీటా గ్లూకాన్ ఎక్కువ కాబట్టి అది తక్కువైనా చాలు. ఇంకో సంగతి, ఈ పీచు గొలుసులు పొడవుగా ఉంటేనే జిగురు చిక్కగా వస్తుంది. ఎక్కువ వేడి, ఒత్తిడితో తయారైన కొన్ని తినుబండారాల్లో ఆ గొలుసులు తెగిపోతాయి. ప్యాకెట్ మీద ఓట్స్ అని రాసి ఉన్నా ఫలితం తగ్గుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరికి ఎల్‌డీఎల్ డెసీలీటరుకు 160 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. పొద్దున తెల్ల బ్రెడ్డు, వెన్న, జామ్ తింటారు, సాయంత్రం బిస్కెట్లు. ఉదయం వాటి బదులు ఓట్స్ వస్తే 5 నుంచి 7 శాతం, అంటే 8 నుంచి 11 దాకా తగ్గవచ్చు. రోజుకో కప్పు కంటే కాస్త తక్కువగా, సుమారు 130 గ్రాముల ఉడికిన శనగలో, రాజ్మానో, మరో పప్పో చేరితే ఇంకో 5 శాతం వరకు ఆశించవచ్చు. బిస్కెట్ల స్థానంలో గుప్పెడు బాదం, వాల్‌నట్లు తింటే మరికొంత. ఈ లెక్కలు ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూడవు కానీ, 140 దరిదాపులకు రావడం అత్యాశ కాదు.

నా దృష్టిలో ఇక్కడ అసలు కీలకం ఏది చేర్చామన్నది ఒక్కటే కాదు, దేని బదులు చేర్చామన్నది కూడా. వెన్నలోని సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్ గ్రాహకాల పని మందగింపజేస్తుంది, కాబట్టి అది తగ్గడం దానంతటదే ఒక లాభం. ఆ స్థానంలో మైదా, చక్కెర చేరితే మాత్రం రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. పాత భోజనమంతా అలాగే ఉంచి పైన గుప్పెడు గింజలు వేసుకుంటే కేలరీలు పెరుగుతాయి.

మార్పు వచ్చిందో లేదో రెండు వారాలకే తేల్చవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో, మొదటిసారి పరగడుపున ఇచ్చి ఉంటే ఈసారీ పరగడుపునే పరీక్షకు రక్తం ఇవ్వాలి. ఏమీ మార్చకపోయినా ఎల్‌డీఎల్ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ కొన్ని శాతాలు అటూ ఇటూ ఊగుతుంది. అందుకని 160 నుంచి 155కు వస్తే సంబరపడటానికి లేదు, 165 అయితే కుంగిపోవడానికీ లేదు. మరోసారి చేయించి చూడాలి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి పప్పులను కొద్దికొద్దిగా పెంచుతూ, నీళ్లు బాగా తాగాలి.

తిండి చేయగలిగిన దానికి హద్దుంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెన్‌కిన్స్ బృందం ఓట్స్ వంటి జిగురు పీచు, గింజలు, సోయా, కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల స్టెరాల్స్ కలిపిన ఆహారాన్ని పరీక్షించింది. భోజనమంతా బృందమే సమకూర్చిన 2003 అధ్యయనంలో ఎల్‌డీఎల్ 28 శాతానికి పైగా తగ్గింది. 2011 అధ్యయనంలో సలహాలు మాత్రమే ఇచ్చి ఇంట్లో తినమంటే తగ్గుదల సుమారు 13 శాతమే. ఎల్‌డీఎల్ 190 గానీ అంతకు మించి గానీ ఉంటే వంశపారంపర్య లోపం ఉండవచ్చు. అలాంటప్పుడు గ్రాహకాలే సరిగా పనిచేయవు కనుక ఓట్స్ ఒక్కటే చాలదు, మందులు అవసరమవుతాయి. ఆ లోపం ఉందని డాక్టర్ నిర్ధారిస్తే తోబుట్టువులకూ పిల్లలకూ కూడా రక్తపరీక్ష చేయించాలి.