జాకెట్టు కుట్టడం ఒక ఎత్తు, చేర్చడం ఇంకో ఎత్తు: అపోహలు – వాస్తవాలు

ఉప్పాడ దగ్గర ఒక ఊళ్లో పాతికేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఉప్పాడ జాంధానీ చీర కొనుక్కున్నవాళ్లు జాకెట్టు ముక్క నాకిచ్చి, వారం తరవాత వచ్చి పట్టుకెళ్లడం అలవాటు. నిరుడు మా అక్క కొడుకు నా పనికి ఒక వెబ్‌సైట్ చేసి పెట్టాడు. పది ఫొటోలు, కుట్టుకూలి, ఆర్డరు నింపే ఫారం, అంతే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బస్సు దిగకుండా అడిగి తెలుసుకుంటారనుకున్నాం. మొదటి నెల 23 ఆర్డర్లు వచ్చాయి. వాటిలో మా జిల్లావి నాలుగే. మిగతావన్నీ హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి, ఒకటి అమెరికా నుంచి. కుట్టడం నాకు కొత్త కాదు, పంపడమే కొత్త. అప్పుడు నేను నమ్మినవీ, ఇప్పుడు తోటి దర్జీలు నన్ను అడుగుతున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కుట్టడం అయ్యాక పార్శిల్ కట్టి పంపితే డెలివరీ అయిపోయినట్టే.

రెడీమేడ్ బట్టలు అమ్మేవాళ్లకి అది నిజం. మనకి డెలివరీ మొదలయ్యేది గిరాకీ ఇంట్లో. ముందు ఆవిడ గుడ్డ మన దగ్గరికి రావాలి. ఆ గుడ్డ చీరతో పాటే నేసిన ముక్క. అది దారిలో పోతే అలాంటిది బజారులో దొరకదు, చీరకి జత పోయినట్టే. పోయిన పార్శిల్‌కి మామూలుగా వచ్చే పరిహారం పట్టు ముక్క విలువకి ఏ మూలకీ చాలదు. అందుకే ఇప్పుడు నా సైట్లో మొదటి మాట ఇదే: చీర పంపకండి, జాకెట్టు ముక్క కోసి అదీ, ఒక ఆది జాకెట్టూ పంపండి. ఖరీదైన ముక్కయితే విలువ రాయించి ఇన్సూరు చేయించమంటాను.

పార్శిల్ రాగానే విప్పుతూ ఫోన్లో వీడియో తీస్తాను. ముక్క కొలిచి, మచ్చలూ చిరుగులూ ఉంటే ఫొటో పెట్టి, ఆవిడ సరేనన్నాకే కత్తెర పెడతాను. ఒకసారి 80 సెంటీమీటర్లని రాసిన ముక్క తీరా కొలిస్తే 65 ఉంది, మోచేతుల దాకా చేతులు కావాలన్నారు. కోసేశాక ఫోన్ చేసి ఉంటే తప్పు నాదయ్యేది.

అపోహ: కొలతలు ఫారంలో నింపితే చాలు, ఆది జాకెట్టు అక్కర్లేదు.

మొదటి నెల అలాగే తీసుకున్నాను. ఛాతీ గడిలో ఒకావిడ 36 అని రాసింది, ఇంకొకావిడ 18 అని రాసింది. ఇద్దరిదీ ఒకటే సైజు. మొదటావిడ ఒంటి చుట్టూ టేపు పెట్టింది, రెండో ఆవిడ జాకెట్టుని బల్ల మీద పరిచి అడ్డంగా కొలిచింది. ఇలాంటివి ఫోన్ చేస్తే తేలిపోతాయి. తేలనివి చంక, భుజం కొలతలు. ఎవరికి వాళ్లు కొలుచుకుంటే అక్కడ అరంగుళం తేడా వస్తుంది, ఆ అరంగుళానికే చెయ్యి ఎత్తితే జాకెట్టు పైకి లేస్తుంది. ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు చేతిలో ఉంటే ఈ తంటా లేదు.

అయినా కొన్ని బిగుతో, లూజో అవుతాయి. మన ఊళ్లో అయితే సాయంత్రం వచ్చి సరిచేయించుకుంటారు. బెంగళూరు నుంచి మళ్లీ నా దగ్గరికి రావాలంటే పోనూ రానూ పార్శిల్ ఖర్చు, పది రోజుల ఆలస్యం. కాబట్టి దూరం వెళ్లే జాకెట్టుకి పక్క కుట్ల లోపల ఒక్కో వైపు అంగుళంన్నర గుడ్డ వదులుతున్నాను, చేతుల కుట్లలోనూ వదులుతున్నాను. వాళ్ల వీధిలో దర్జీ ఎవరైనా పావుగంటలో విప్పి సరిచేయగలరు, ఆ కూలి నేనే యూపీఐలో పంపుతాను. మెడ మాత్రం లోతుగా కోశాక వెనక్కి రాదు. అందుకని మెడ లోతు ఆది జాకెట్టు కంటే పెంచమంటే, ఎన్ని అంగుళాలో రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే కోస్తాను.

అపోహ: వారంలో ఇస్తానని రాస్తే సరిపోతుంది.

ఈ మాటతోనే ఒక గృహప్రవేశం జాకెట్టు పాడు చేశాను. బట్ట పాడవలేదు, వేళ తప్పింది. వారమంటే నా లెక్కలో కుట్టే వారం, ఆవిడ లెక్కలో చేతికందే వారం. జాకెట్టు ముహూర్తం దాటిన మర్నాడు చేరింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు శుభకార్యం తేదీ అడిగి వెనక్కి లెక్కపెడతాను. కార్యం 20వ తేదీ అనుకోండి. సరిచేయించుకోవడానికి నాలుగు రోజులు వదిలితే 16కి చేరాలి. పార్శిల్‌కి ఐదు రోజులేస్తే 11న నా చేయి దాటాలి. లైనింగ్ నానబెట్టి ఆరబెట్టడానికి ఒక రోజు, కుట్టడానికి రెండు, కాజాలూ హుక్కులకీ హెమ్మింగ్‌కీ ఒకటి, అంటే 7న మొదలుపెట్టాలి. ముక్క 6కల్లా రావాలి, ఆవిడ ఒకటో తేదీకే పోస్టు చేయాలి. ఇరవై రోజులన్నమాట. ఇంతకంటే తక్కువ గడువుంటే ముందే లేదని చెప్పేస్తాను. లైనింగ్ నానబెట్టే రోజు తగ్గించమని కొందరు అడుగుతారు. తగ్గిస్తే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ ముడుచుకుపోయి పై గుడ్డ ముడతలు పడుతుంది. అది కుదరదు.

ఇంకో సంగతి. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో సంచి రోజుకి ఒక్కసారే వెళ్తుంది. అది కట్టేశాక ఇచ్చిన పార్శిల్ మర్నాటి లెక్కలోకే వస్తుంది. శనివారం సాయంత్రం ముగించిన జాకెట్టు సోమవారం దాకా కదలదు.

అపోహ: మంచి అట్టపెట్టెలో పంపితే పేరొస్తుంది, ఖర్చు బరువును బట్టే కదా.

చాలా కొరియర్లు బరువుతో పాటు పార్శిల్ ఆక్రమించే చోటునీ లెక్కిస్తాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తే ఎన్నొస్తే అన్ని కిలోలు. అసలు బరువు, ఇది, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. 30, 25, 10 కొలతల పెట్టెకి 7500 వస్తుంది, అంటే కిలోన్నర. లోపలి జాకెట్టు పావుకిలో ఉండదు. అదే జాకెట్టు మడిచి, తడవని కవరులో పెడితే ఎత్తు మూడు సెంటీమీటర్లు, లెక్క అరకిలో లోపే. మగ్గం పని ఉన్నవాటికి మాత్రం పెట్టె తప్పదు, పూసలు నలుగుతాయి. ఆ తేడా డబ్బులు ముందే చెప్పి తీసుకుంటాను.

అపోహ: వస్తువు చేతికందాకే డబ్బు తీసుకుంటే గిరాకీకి నమ్మకం.

మొదటి నెలలో మూడు జాకెట్లు తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాయి. పోయిన దారి ఖర్చు, వచ్చిన దారి ఖర్చు రెండూ నావే. ఆ కొలతకి, ఆ చీరకి కుట్టిన జాకెట్టు ఇంకెవరికీ పనికిరాదు. ఇప్పుడు ముక్క నా దగ్గరికి చేరాక సగం, కుట్టిన ఫొటో చూశాక మిగతా సగం తీసుకుని పోస్టు చేస్తున్నాను.

అపోహ: ఎక్కడి నుంచి ఆర్డరొచ్చినా వదులుకోకూడదు.

కాకినాడ, రాజమండ్రి వాళ్లకి ఆర్టీసీ కార్గోలో పంపుతాను, బస్టాండుకెళ్లి తెచ్చుకుంటారు. పోస్టు చేరే చోటికి పోస్టు. అమెరికా ఆర్డరు మాత్రం నేరుగా పంపలేదు. 800 డాలర్ల లోపు వస్తువులకున్న సుంకం మినహాయింపుని ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. నా కుట్టుకూలి మీద సుంకం, రవాణా కలిపితే ఆవిడకి అక్కడే కుట్టించుకోవడం నయం. ఆ మాటే చెప్పాను. ఆవిడ హైదరాబాద్‌లో ఉన్న వాళ్లమ్మగారి చిరునామా ఇచ్చింది. రెండు జాకెట్లు అక్కడికి పంపాను, సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులో పెట్టుకెళ్లింది.