ఇన్‌పెయింటింగ్: చేతివేళ్లు, అక్షరాలు ఎందుకు తప్పుతాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫోటోలో కొంత భాగాన్ని మాస్క్‌తో కప్పి, ఆ ఖాళీని మోడల్ చేత నింపించడమే ఇన్‌పెయింటింగ్. 2022 అక్టోబరులో రన్‌వే సంస్థ విడుదల చేసిన స్టేబుల్ డిఫ్యూజన్ ఇన్‌పెయింటింగ్ మోడల్ నిర్మాణం అందరికీ తెరిచి ఉంది కనుక దానినే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

అపోహ: మాస్క్ కింద ఏముందో మోడల్ కనిపెట్టి బయటికి తీస్తుంది.

వాస్తవం: 512×512 పిక్సెళ్ల ఫోటోను ఈ మోడల్ ముందుగా ఎన్‌కోడర్ ద్వారా 64×64 గడుల పట్టికగా కుదిస్తుంది. అంటే 8×8 పిక్సెళ్ల ముక్క ఒక్కొక్కటీ ఒక గడి అవుతుంది, ఆ గడిలో నాలుగు సంఖ్యలు మాత్రమే ఉంటాయి. లోపలి నెట్‌వర్క్‌కు గడికి తొమ్మిది సంఖ్యలు అందుతాయి: నాలుగు నాయిస్, అంటే యాదృచ్ఛిక చుక్కల రొద కలిసిన చిత్రానివి, నాలుగు మాస్క్ భాగాన్ని ఖాళీ చేసిన అసలు ఫోటోవి, ఒకటి మాస్క్‌ది. నెట్‌వర్క్ ఆ నాయిస్‌ను అంచెలంచెలుగా తగ్గిస్తూ, చుట్టూ ఉన్న దృశ్యానికీ మనం రాసిచ్చిన వాక్యానికీ పొసిగే ఒక చిత్రాన్ని నిలబెడుతుంది. మొదటి నాయిస్ ఎలా ఉండాలో నిర్ణయించే సీడ్ సంఖ్య మార్చితే నింపే బొమ్మ మారిపోతుంది. పోయిన ముఖాన్ని తిరిగి తెచ్చామని చెప్పి ఇలాంటి ఫోటోను ఒక కుటుంబానికి ఇవ్వడం నా దృష్టిలో తప్పు, ఎందుకంటే అది ఆ మనిషి ముఖం కాదు, అక్కడ ఉండగల ఒక ముఖం.

అపోహ: శిక్షణలో చేతుల ఫోటోలు తక్కువ కాబట్టే వేళ్లు తప్పుతున్నాయి.

వాస్తవం: చేతులు లక్షల ఫోటోల్లో ఉంటాయి. కాని అవి ముడుచుకొని, వస్తువులను పట్టుకొని, ఒకదాని వెనుక ఒకటి దాగి, ఎన్నో రూపాల్లో కనిపిస్తాయి, ఎన్ని వేళ్లు కనబడుతున్నాయో వాటి వివరణల్లో ఎవరూ రాయరు. శిక్షణలో మోడల్‌కు పడే జరిమానా కూడా గడిగడికీ లెక్కించిన తేడాల సగటు మాత్రమే. ఒక వేలు ఎక్కువైతే చెడేది కొద్ది గడులే కనుక ఆ తప్పు సగటులో కలిసిపోతుంది. వేలి పక్కన వేలు ఉండటం సహజమని మోడల్ నేర్చుకుంటుంది, ఐదు దగ్గర ఆగాలన్న నియమం దానికి విడిగా ఎక్కడా అందదు.

దీనికి చిన్న పరిమాణం తోడైతే పరిస్థితి ఇంకా క్లిష్టమవుతుంది. ఒక గ్రూప్ ఫోటోలో చెయ్యి 48 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. అది 6 గడులకు సరిపోతుంది, కనుక ఒక్కో వేలికి దాదాపు ఒకే గడి దక్కుతుంది. కణుపు, గోరు, వేళ్ల మధ్య సందు అన్నీ ఆ నాలుగు సంఖ్యల్లో ఇమడవు.

అపోహ: నాయిస్ తగ్గించే అంచెలను, అంటే స్టెప్పులను పెంచితే చెయ్యి బాగవుతుంది.

వాస్తవం: గడులు చాలని చోట ఎన్ని స్టెప్పులు పెంచినా వివరం రాదు. చేతి చుట్టూ 32 పిక్సెళ్ల చొప్పున అంచు కలిపి 112 పిక్సెళ్ల చతురస్రాన్ని కత్తిరించి, దానిని 512కు పెంచి నింపితే అదే చెయ్యి సుమారు 27 గడులు ఆక్రమిస్తుంది, అప్పుడు వేలికి ఐదు గడులు దొరుకుతాయి. తరువాత కుదించి పాత చోట అతికించాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో Only masked అనే ఎంపిక చేసే పని ఇదే. అయితే అంచు మరీ తక్కువైతే మోడల్‌కు మణికట్టు, మోచెయ్యి కనబడవు, అందువల్ల ఎడమ చేతికి కుడి చేతి బొటనవేలు రావచ్చు. పాత బొమ్మను ఎంత మేర మార్చాలో చెప్పే సంఖ్య డీనాయిజింగ్ బలం; ఆరు వేళ్లు వచ్చిన చేతిని తక్కువ బలంతో సరిచేయబోతే పాత ఆకారమే మిగులుతుంది. చర్మపు రంగుతో ఐదు వేళ్ల ఆకారాన్ని ముతకగా గీసి, బలాన్ని 0.6 దగ్గర పెట్టి నడపడం నాకు ఎక్కువసార్లు ఫలించిన పద్ధతి. ఫలితాన్ని చూసేటప్పుడు వేళ్ల కొసలను లెక్కపెడితే చాలదు, ఒక్కో వేలిని కొస నుంచి అరచేతి వరకు వెనక్కి అనుసరించాలి. ఒకే మొదలు నుంచి రెండు వేళ్లు చీలడం అక్కడే బయటపడుతుంది.

అపోహ: బోర్డు మీద ఏం రాయాలో చెబితే మోడల్ రాస్తుంది.

వాస్తవం: వాక్యాన్ని ఈ మోడల్‌కు అందించే క్లిప్ ఎన్‌కోడర్ ప్రధానంగా ఆంగ్ల వివరణల మీద శిక్షణ పొందింది. తెలిసిన ఆంగ్ల పదం దానికి తరచూ ఒకే టోకెన్‌గా, అంటే ఒకే ముక్కగా చేరుతుంది, కాబట్టి ఆ పదంలోని అక్షరాల వరుస నేరుగా దాని ముందు ఉండదు. తెలుగు ఇంకా కష్టం. శ్రీ అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు, UTF-8లో 12 బైట్లు, కనుక అది పలు టోకెన్లుగా ముక్కలవుతుంది. ఒక దుకాణం పేరు పూర్తిగా రాసేసరికి 77 టోకెన్ల పరిమితిలో పెద్ద భాగం ఖర్చవుతుంది, ఆ ముక్కలకూ బొమ్మలోని గీతలకూ మధ్య నేర్చుకున్న సంబంధం మాత్రం చాలా బలహీనం. అందుకే తలకట్లు, గుడులు, వట్రసుడులు దూరానికి తెలుగులా కనిపిస్తాయి, దగ్గరికి వెళ్తే ఏ అక్షరమూ చదవడానికి రాదు. తరువాతి మోడళ్లు పెద్ద టెక్స్ట్ ఎన్‌కోడర్లతో ఆంగ్ల అక్షరాలను చాలావరకు చక్కబరిచాయి.

తెలుగు బోర్డును సరిచేయాలంటే మోడల్ చేత ఖాళీ బోర్డును మాత్రమే నింపించి, అక్షరాలను ఫాంట్‌తో వేరే లేయర్‌లో రాసి, పర్‌స్పెక్టివ్ సరిచూసి అతికించడం మేలు. ఆ తరువాత అక్షరాల మీద మళ్లీ ఇన్‌పెయింటింగ్ నడపకూడదు. ఫోటోను గడులుగా కుదించే ఎన్‌కోడర్ గుండా ఒక్కసారి వెళ్లివచ్చినా చిన్న ఒత్తులు చెరిగిపోతాయి, కాబట్టి ఫోటోకు సరిపోయే గ్రెయిన్‌ను ఎడిటర్‌లోనే కలపాలి.