ఏళ్ల తరబడి వేసుకున్న నిద్రమాత్రని పావు ముక్కల లెక్కన తగ్గించడం

ఒక 74 ఏళ్ల పెద్దావిడ అనుకుందాం. ఎప్పుడో టెన్షన్‌గా ఉందని కొన్నాళ్లకి రాసిచ్చిన ఆల్‌ప్రజోలామ్ 0.5 మిల్లీగ్రాములు, పన్నెండేళ్లుగా రోజూ రాత్రి వేసుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు రాత్రి బాత్రూమ్‌కి లేస్తే తూలుతున్నారు, పొద్దున్నంతా మత్తు, మతిమరుపు కూడా మొదలైంది. ఇంట్లోవాళ్లు వయసైపోయింది కదా అనుకుంటారు గానీ ఇందులో మాత్ర వాటా చాలానే ఉండొచ్చు, ఆ తూలుడుకి పడితే తుంటి ఎముక విరగొచ్చు.

అలాగని రేపట్నుంచి ఆపేద్దాం అనుకోవడం ఇంకా ప్రమాదం. మెదడులో గాబా అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది, ఈ మాత్ర దాని పనికి బలమిస్తుంది, ఏళ్ల తరబడి ఆ సాయం అందేసరికి మెదడు దానికే అలవాటుపడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి.

అందుకే డాక్టర్ 0.5 బదులు 0.25 మాత్రలు రెండు రాస్తారు, ఒక్కోదాన్ని పిల్ కట్టర్‌తో నాలుగు ముక్కలు చేస్తే మొత్తం ఎనిమిది పావు ముక్కలు. (మెల్లగా కరిగే ఎస్ఆర్ మాత్రని మాత్రం కోయకూడదు.) మొదటి మూడు వారాలు రాత్రికి ఏడు ముక్కలు, తర్వాత మూడు వారాలు ఆరు, అలా తగ్గించుకుంటూ రావాలి. చివర్లోనే కష్టం ఎక్కువ, ఎందుకంటే ఎనిమిది నుంచి ఏడుకి వస్తే తగ్గేది ఎనిమిదో వంతే, రెండు నుంచి ఒకటికి వస్తే సగం పోయినట్టు. అందుకని అక్కడ నాలుగు వారాలో ఇంకా ఎక్కువో ఆగుతారు, మొత్తం ఆరు నెలలు దాటినా తొందరేం లేదు.

మొదలుపెట్టే ముందే ఆవిడతో కూర్చుని చెప్పాల్సిన మాట ఒకటుంది, నా దృష్టిలో షెడ్యూల్ కంటే ఇదే ముఖ్యం. ముక్క తగ్గించిన కొద్ది రోజుల్లో నిద్ర చెడుతుంది, చిరాకు, గుండెదడ వస్తాయి, చిన్న చప్పుడు కూడా భరించలేనట్టు అనిపించొచ్చు. ఇది ముందే తెలియకపోతే "చూశారా, మాత్ర లేకపోతే నేను బతకలేను" అని మళ్లీ పాత డోసుకి వెళ్లిపోతారు. తేడా ఎలా తెలుస్తుందంటే, తగ్గించగానే మొదలై, అదే డోసు మీద ఆగితే కొన్ని వారాల్లో నెమ్మదించేది ఎక్కువగా విత్‌డ్రాయల్, అంటే మాత్ర తగ్గించడం వల్ల వచ్చే ఇబ్బంది, మెల్లగా పెరుగుతూ తగ్గకుండా ఉండిపోతే పాత ఆందోళనే తిరిగొచ్చి ఉండొచ్చు, దానికి వేరే వైద్యం కావాలి. ఇబ్బందిగా ఉంటే ఉన్నచోటే ఇంకో రెండు మూడు వారాలు ఆగొచ్చు, మరీ భరించలేకపోతే డాక్టర్‌తో మాట్లాడి ఒక ముక్క వెనక్కి వెళ్లినా తప్పులేదు. నిద్ర కోసమని ఇంకో మత్తు మాత్ర, అలెర్జీ మాత్ర సొంతంగా మొదలుపెడితే మళ్లీ అదే తూలుడు వస్తుంది. గందరగోళంగా మాట్లాడుతున్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్లకి, మద్యం బాగా అలవాటున్నవాళ్లకి ఈ లెక్క ఇంటి దగ్గర పనికిరాదు, స్పెషలిస్ట్ చూడాలి. కొందరు రెండు ముక్కల దగ్గర ఆగిపోతారు, ఇంక దిగలేరు, అప్పటికే తూలుడు తగ్గి ఉంటే కొన్ని నెలలు అక్కడే ఉండి మళ్లీ ప్రయత్నించొచ్చు.