రాడార్ చార్టులో పెద్దగా కనిపించే ఫోన్

రెండు ఫోన్లను ఐదారు అంశాలలో పోల్చే సాలెగూడు లాంటి బొమ్మలో ఒక ఫోన్ ఆకారం రెండో దానికంటే పెద్దగా కనిపిస్తే, మొత్తం మీద అదే మెరుగైనదని అనుకోవచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. అనుకోకూడదు. ఆ ఆకారం పెద్దదా చిన్నదా అన్నది ఫోన్ల గుణగణాల మీద ఎంత ఆధారపడుతుందో, ఏ అంశం పక్కన ఏ అంశాన్ని గీశారన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది. పదో తరగతి స్థాయి లెక్కతో దీన్ని నిరూపించవచ్చు కనుక, ఒక ఉదాహరణను తీసుకొని చివరిదాకా నడిపిస్తాను.

రాడార్ చార్ట్ అని పిలిచే ఈ బొమ్మలో ఒక కేంద్రం నుంచి అంశానికి ఒకటి చొప్పున గీతలు బయటికి వెళతాయి. కేంద్రం దగ్గర సున్నా, అంచు దగ్గర పది అనుకుందాం. ప్రతి అక్షం మీద ఆ ఫోన్‌కు వచ్చిన మార్కు దగ్గర ఒక చుక్క పెట్టి, చుక్కలను వరుసగా కలిపి, లోపల రంగు నింపుతారు. ఆరు అంశాలు ఉంటే అక్షాల మధ్య కోణం 60 డిగ్రీలు.

ఇప్పుడు 'క', 'చ' అనే రెండు ఊహా ఫోన్లను తీసుకుందాం. 'క' ఫోన్‌కు కెమెరా, డిస్‌ప్లే, వేగం అనే మూడు అంశాలలో తొమ్మిదేసి మార్కులు, ఛార్జింగ్, బ్యాటరీ, స్టోరేజీలలో మూడేసి మార్కులు వచ్చాయి. 'చ' ఫోన్‌కు ఆరింటిలోనూ ఆరేసి మార్కులే. రెండింటి మొత్తమూ 36, సగటు ఆరు. మార్కులు కూడి చూసేవారికి ఈ రెండూ సమానం.

కేంద్రం నుంచి చూస్తే చార్టులోని ఆకారం ఆరు త్రిభుజాల కూర్పు. పక్కపక్కన ఉన్న రెండు అక్షాల మీది మార్కులు ఒక్కొక్క త్రిభుజానికి రెండు భుజాలవుతాయి, వాటి మధ్య కోణం 60 డిగ్రీలు. రెండు భుజాల లబ్ధంలో సగాన్ని మధ్య కోణపు సైన్ విలువతో గుణిస్తే త్రిభుజ వైశాల్యం వస్తుందన్న సూత్రాన్ని మనం బడిలో బట్టీ పట్టి పరీక్ష అయ్యాక వదిలేస్తాం. ఆ సూత్రం నిత్యజీవితంలో ఎదురయ్యే అరుదైన చోట్లలో ఇది ఒకటి, ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో వాడుకుంటే బాగుంటుంది. సైన్ 60 డిగ్రీలు 0.866, అందులో సగం 0.433. అంటే పక్కపక్క మార్కుల జతలను గుణించి, ఆ ఆరు లబ్ధాలను కూడి, 0.433తో గుణిస్తే ఆకారం మొత్తం వైశాల్యం వస్తుంది.

'చ' ఫోన్ లెక్క సులువు. ప్రతి జతా ఆరు గుణించు ఆరు, అంటే 36, ఆరు జతలకు 216, వైశాల్యం 93.5. అక్షాలను ఎలా తిప్పి అమర్చినా ఇది మారదు. 'క' ఫోన్ కథ వేరు. కెమెరా, డిస్‌ప్లే, వేగం, ఛార్జింగ్, బ్యాటరీ, స్టోరేజీ అనే వరుసలో గీస్తే తొమ్మిదులన్నీ ఒక పక్క, మూడులన్నీ మరో పక్క చేరతాయి. లబ్ధాలు వరుసగా 81, 81, 27, 9, 9, 27, మొత్తం 234, వైశాల్యం 101.3. 'చ' ఆకారంకంటే ఇది పెద్దది. అదే ఫోన్‌ను, ఒక్క మార్కు కూడా మార్చకుండా, కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే, ఛార్జింగ్, వేగం, స్టోరేజీ అనే వరుసలో గీస్తే తొమ్మిది పక్కన మూడు, మూడు పక్కన తొమ్మిది వస్తాయి. ప్రతి లబ్ధమూ 27, మొత్తం 162, వైశాల్యం 70.1. మొదటి బొమ్మలో 'చ'ను మించిన ఫోన్, రెండో బొమ్మలో దానిలో ముప్పావు వంతుకు పడిపోయి మూడు కొనల నక్షత్రంలా మిగులుతుంది.

ఇది అరుదైన అమరికను వెతికి తెచ్చి చేసిన గారడీ కాదు. ఆరు అక్షాలను వృత్తం చుట్టూ అమర్చే పద్ధతులు, తిప్పినవీ అద్దంలో బొమ్మలూ ఒకటే అనుకుంటే, 60 ఉంటాయి. వాటిలో తొమ్మిదులు మూడూ కలిసి ఉండే అమరికలు 18. వాటిలో మాత్రమే 'క' పెద్దగా కనిపిస్తుంది. తొమ్మిదులలో రెండు మాత్రమే పక్కపక్కన ఉండే అమరికలు 36. వాటిలో లబ్ధాల మొత్తం 198. పూర్తిగా ఒకటి విడిచి ఒకటి వచ్చే అమరికలు ఆరు. ఈ 42 అమరికలలోనూ 'చ' పెద్దది. సమానమైన రెండు ఫోన్లలో ఏది గెలిచిందో చెప్పే తీర్పు, అక్షాలకు పేర్లు రాసిన వ్యక్తి చేతిలో ఉంది. ఆ వ్యక్తికి దురుద్దేశం ఉండనక్కర లేదు. కెమెరా పక్కన డిస్‌ప్లే, ఛార్జింగ్ పక్కన బ్యాటరీ రాయడం ఎవరికైనా సహజంగా తోస్తుంది. ఒక రంగంలో బాగున్న ఫోన్ దానికి దగ్గరి రంగంలోనూ బాగుండే అవకాశం ఎక్కువ కనుక, ఆ సహజమైన వరుసే ఎక్కువ మార్కులను ఒక పక్కకు చేర్చి ఆకారాన్ని ఉబ్బిస్తుంది.

దీని మూలం ఎక్కడుందో మరింత దగ్గరగా చూడవచ్చు. 'క' ఫోన్ బ్యాటరీ ఒక మార్కు మెరుగుపడిందనుకోండి. వైశాల్యం ఎంత పెరుగుతుంది? బ్యాటరీకి అటూ ఇటూ ఉన్న రెండు మార్కులను కూడి 0.433తో గుణించినంత. మొదటి వరుసలో బ్యాటరీకి పొరుగున ఛార్జింగ్, స్టోరేజీ ఉన్నాయి, రెండూ మూడే. కాబట్టి పెరుగుదల 2.6. రెండో వరుసలో పొరుగున కెమెరా, డిస్‌ప్లే ఉన్నాయి, రెండూ తొమ్మిది; కాబట్టి పెరుగుదల 7.8. బ్యాటరీలో వచ్చిన మార్పు ఒకటే అయినా, పక్కనున్నవాటి బలాన్ని బట్టి దాని విలువ మూడు రెట్లు మారిపోయింది. ఒక విద్యార్థికి గణితంలో వచ్చిన మార్కులను, మార్కుల జాబితాలో దాని కింద అచ్చయిన సబ్జెక్టు మార్కులతో గుణించి ర్యాంకు ఇచ్చే బడి ఉంటే తల్లిదండ్రులు ఊరుకోరు. రాడార్ చార్టులో రంగు నింపడమంటే ఆ పనే చేయడం.

అక్షాల వరుస వల్ల కాకుండా, వైశాల్యం వల్లనే వచ్చే మరో చిక్కు ఉంది. అన్ని అంశాలలో ఐదేసి మార్కులున్న ఫోన్‌నూ, ఆరేసి మార్కులున్న ఫోన్‌నూ పక్కపక్కన గీస్తే, మార్కులలో తేడా ఇరవై శాతమే అయినా వైశాల్యం 25కు 36 నిష్పత్తిలో, అంటే 44 శాతం పెరుగుతుంది. ఇక్కడ వరుసతో నిమిత్తం లేదు. రెండు దిశల్లో సాగే ఆకారం కనుక ప్రతి తేడా వర్గమై కంటికి చేరుతుంది.

కేంద్రాన్ని సున్నా దగ్గర కాకుండా మరోచోట పెడితే ఈ అతిశయం ఇంకా ముదురుతుంది. బ్యాటరీ అక్షం కేంద్రం దగ్గర 3500, అంచు దగ్గర 5500 మిల్లీ ఆంపియర్ అవర్లు అని పెట్టారనుకుందాం. అప్పుడు 4000 ఉన్న ఫోన్ చుక్క అక్షంలో పావు వంతు దూరంలో, 5000 ఉన్న ఫోన్ చుక్క ముప్పావు వంతు దూరంలో పడతాయి. నిజమైన తేడా పాతిక శాతం, బొమ్మలో మూడు రెట్లు. అన్ని అక్షాలనూ ఇలాగే కత్తిరిస్తే వైశాల్యంలో అది తొమ్మిది రెట్లవుతుంది. అందుకే చార్టును చూడగానే ముందు వెతకవలసినవి అక్షాల మీది అంకెలు. అంకెలే లేని రాడార్ చార్టును పోలికకు పనికిరానిదిగా పక్కన పెట్టడమే నా పద్ధతి.

అంకెలు ఉంటే, ఆ బొమ్మను చదివే తీరు ఇది. రంగునూ, చుక్కలను కలిపే గీతలనూ మనసులో చెరిపేయాలి, ఎందుకంటే ఆ గీతలకు అర్థం లేదు. కెమెరాకూ బ్యాటరీకీ నడుమ సగం దూరంలో ఉండే అంశమంటూ ఏదీ లేదు కదా. మిగిలిన చుక్కలను ఒక్కో అక్షం వెంబడి, రెండు ఫోన్లవీ జతగా, అంకెలతో సహా చదవాలి. తరువాత అక్షాల పేర్లను మరోసారి చూడాలి. వెనుక కెమెరా, ముందు కెమెరా, వీడియో అని ఒకే సామర్థ్యానికి మూడు అక్షాలు పక్కపక్కన కేటాయించి ఉంటే, మంచి కెమెరా ఉన్న ఫోన్‌కు మూడు ఓట్లు పడటమే కాక, ఆ మూడూ ఒకదానినొకటి గుణించుకుంటున్నాయని గుర్తించాలి. అనుమానం తీరకపోతే మార్కులను కాగితం మీద రాసుకొని, ఒకటి విడిచి ఒకటి వచ్చేలా వరుస మార్చి, జతల లబ్ధాలను మళ్లీ కూడితే చాలు. గెలిచిన ఫోన్ మారిందంటే ఆ బొమ్మలోని పెద్దరికం ఫోన్‌ది కాదు, వరుసది.

ఆకారానికి అసలు ఏ ప్రయోజనమూ లేదని కాదు. ఒక ఫోన్ అన్నింటిలో మధ్యస్థమా, కొన్నింటిలోనే మేటియా అన్నది ఆకారం వెంటనే చెబుతుంది. నెలలు, గాలి వీచే దిక్కులు వంటివాటికైతే చుట్టూ తిరిగే వరుస ప్రకృతిలోనే ఉంది కనుక అక్కడ వృత్తం సబబైన ఎంపిక. ఫోన్ అంశాలకు అలాంటి వరుస లేదు. వాటిని పైనుంచి కిందికి రాసి, ఒకే కొలబద్ద మీద ఫోన్‌కు ఒక చుక్క పెట్టిన బొమ్మ ఇదే సమాచారాన్ని ఏ గుణకారమూ లేకుండా చూపుతుంది, కానీ చూడటానికి అంత ఆకర్షణీయంగా ఉండదు. రాడార్ చార్టు ఇంతగా వ్యాపించడానికి కారణం బహుశా అదే.

వృత్తమే కావాలనేవారికి ఒక పాత మార్గం ఉంది. 1858లో ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల మరణాలను చూపిన ప్రసిద్ధ చిత్రాలలో ప్రతి నెలకూ ఒక విడి చీలిక ఉంటుంది, కేంద్రం నుంచి కొలిచిన వైశాల్యమే సంఖ్యకు అనుపాతంలో ఉంటుంది. చీలిక వైశాల్యం దాని వ్యాసార్థం మీదే ఆధారపడుతుంది కనుక పొరుగు చీలికకు అందులో పాత్ర లేదు. వ్యాసార్థాన్ని మార్కుకు వర్గమూలంగా తీసుకుంటే వర్గమయ్యే చిక్కు కూడా తొలగుతుంది. 'క' ఫోన్‌లో తొమ్మిది మార్కుల చీలికకు వ్యాసార్థం మూడు, మూడు మార్కుల చీలికకు 1.73, 'చ' ఫోన్‌లో అన్నింటికీ 2.45. ఇలా గీస్తే రెండు ఫోన్ల మొత్తం వైశాల్యాలు 60 అమరికలలో ఏది ఎంచుకున్నా సరిగ్గా సమానంగా వస్తాయి.