గొంతు మంటను తీసేసిన ఉప్పు

మా స్నేహితుడొకాయనకి అనంతపురంలో హార్డ్‌వేర్ కొట్టుంది. ఒకరోజు రాత్రి కొట్టు కట్టేసి నేరుగా మా ఇంటికొచ్చి, జేబులోంచి నీలం రంగు ప్లాస్టిక్ వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టినాడు. "ఇదేందో చూడప్పా, మావాడి బ్యాగులో దొరికింది. హైలైటర్ అనుకొని మూత తీస్తే సిరా లేదు, మామిడి రసం వాసనొస్తాంది." నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను, కాబట్టి చూడగానే అర్థమైంది. అది వేప్, అంటే నికోటిన్ ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే ఈ-సిగరెట్టు. కిందివైపు చార్జింగ్ రంధ్రం, పక్కన సన్న అక్షరాల్లో 10 ml, 5%. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. బెంగళూరులో చదివే సీనియర్ ఒకడు సెలవులకు వచ్చినప్పుడల్లా నాలుగైదు తెచ్చి పిల్లలకు అమ్ముతాడంట.

మా స్నేహితుడి మొదటి మాట, "సిగరెట్టు కాదు కదా, ఏదో సువాసన ఆవిరి, అంతేనా?" ఆ మాట దగ్గరే ఆగి చెప్పాల్సింది చాలా ఉంది. ఈ వస్తువు పిల్లల్ని పట్టుకునేది దాని ఘాటుతో కాదు, ఘాటు లేకపోవడంతో.

మన ఊళ్లల్లో ఖైనీ నలిపేవాళ్లని చూడండి. అరచేతిలో పొగాకు వేసి, చిటికెడు సున్నం కలిపి బొటనవేలితో నలుపుతారు. ఆ సున్నం ఎందుకో వాళ్లకు పుస్తకం చెప్పలేదు గానీ అది పక్కా కెమిస్ట్రీ. నికోటిన్ ఒక క్షారం. సున్నం తగిలితే అది విడి నికోటిన్‌గా మారి దవడ చర్మంలోంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది. సున్నం లేకపోతే అంత కిక్కు ఉండదు. అయితే ఆ విడి నికోటిన్‌నే పొగలో పెట్టి పీలిస్తే గొంతు మండిపోతుంది, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. చుట్ట పొగ క్షార గుణం ఉన్నది, అందుకే చుట్ట తాగే తాతలు మామూలుగా పొగని నోట్లో తిప్పి వదిలేస్తారు తప్ప ఊపిరితిత్తుల దాకా లాగరు. ప్రకాశం జిల్లాలో బ్యారన్లనే గదుల్లో వేడికి ఆరబెట్టే వర్జీనియా పొగాకులో చక్కెర ఎక్కువ, దాని పొగ కాస్త ఆమ్లంగా ఉంటుంది. అందుకే సిగరెట్టు పొగను లోపలికి లాగడం కుదిరింది.

వేప్ తయారీదారులు ఈ లెక్కనే చివరిదాకా తీసుకెళ్లినారు. పాతకాలపు ఈ-సిగరెట్టులో ఉన్నది విడి నికోటినే, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటితే చాలామంది పీల్చలేకపోయేవాళ్లు. దాంట్లో బెంజోయిక్ ఆమ్లం కలిపితే ఏమవుతుంది? క్షారమూ ఆమ్లమూ కలిస్తే లవణం, పదో తరగతి పాఠమే. ఈ బెంజోయిక్ ఆమ్లం కొత్తదేం కాదు, జామ్ సీసాల మీద కనపడే సోడియం బెంజోయేట్‌కు దగ్గరి చుట్టం. ఇట్లా తయారైన నికోటిన్ సాల్ట్ గొంతులో మెత్తగా జారుతుంది. ఖైనీలో సున్నం చేసే పనికి ఇది సరిగ్గా తిరగేసిన పని. అక్కడ నోట్లోంచి దిగడానికి క్షారం కావాలి, ఇక్కడ గొంతు దాటడానికి ఆమ్లం కావాలి. గొంతు దాటిందంటే చాలు, ఊపిరితిత్తుల లోపలి వైశాల్యం ఎంత పెద్దదంటే ఆ లవణం రూపంలో వెళ్లిన నికోటిన్ కూడా ఇబ్బంది లేకుండా రక్తంలో కలిసిపోతుంది. పది, ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. అమెరికాలో 2015లో జూల్ అనే వేప్ మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్‌తో వచ్చి బడిపిల్లల్లో పాకిపోయింది ఈ ఉప్పు వల్లనే. యూరప్ దేశాల్లో 20 మిల్లీగ్రాములకు మించి అమ్మకూడదని చట్టమే ఉంది.

మొదటి బీడీ తాగిన పిల్లవాడికి దగ్గొస్తుంది, కళ్లల్లో నీళ్లొస్తాయి, తల తిరుగుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ దగ్గు ఒంటికి కాపలా. ఉప్పు ఆ కాపలాదారుడిని సగం నిద్రపుచ్చుతుంది, మిగతా సగం పని ఫ్లేవర్లది.

ఫ్లేవర్ అంటే రుచి ఒక్కటే కాదు. పేరు చివర్లో "ఐస్" అని ఉన్నవి గమనించండి, మ్యాంగో ఐస్, గ్రేప్ ఐస్ ఇట్లా. వాటిల్లో మెంథాలో, పుదీనా వాసన లేకుండా చల్లదనం మాత్రమే ఇచ్చే రసాయనాలో ఉంటాయి. గొంతులో చల్లదనాన్ని గుర్తుపట్టే నరాలను అవి తట్టి లేపుతాయి, ఆ చల్లదనం కింద మంట కనపడకుండా పోతుంది. ఇంకొకటి, నా లెక్కలో ఇది ఎక్కువ ప్రమాదం. నికోటిన్ మెదడుకు చేరిన ప్రతిసారీ హాయినిచ్చే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది, ఆ క్షణంలో ముక్కులో ఏ వాసన ఉందో మెదడు దాన్ని కూడా కలిపి గుర్తుపెట్టుకుంటుంది. రోజుకు వంద, రెండొందల సార్లు మామిడి వాసనా ఆ హాయీ జంటగా వస్తే, కొన్నాళ్లకు ఆ వాసన ఒక్కటి తగిలినా చాలు, చెయ్యి జేబులోకి పోతుంది. పైగా బీడీ వాసనైతే అమ్మ గుమ్మంలోనే పట్టేస్తుంది, మామిడి వాసనొస్తే చూయింగ్ గమ్ అనుకుంటుంది.

ఇక ఆ నీలం వస్తువు లెక్క వేద్దాం. 5% అంటే మిల్లీలీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల నికోటిన్, పది మిల్లీలీటర్లకు 500. పిల్లవాడు తర్వాత నిజం చెప్పినాడు, అది ఇరవై రోజులు వస్తుందంట. అంటే రోజుకు 25 మిల్లీగ్రాములు. అందులో సగమే ఒంట్లోకి దిగిందనుకున్నా పన్నెండు. ఒక సిగరెట్టు నుంచి ఒంట్లోకి దిగే నికోటిన్ సుమారుగా ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంటే పదిహేడేళ్ల పిల్లవాడు ఇంట్లో ఎవరికీ తెలియకుండా రోజుకు దాదాపు పది సిగరెట్లు కాలుస్తున్నంత లెక్క. ఈ అంకెలు కూడా లేబుల్ నిజమని నమ్మితేనే. మనదేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. దొంగచాటుగా వచ్చే సరుకును పరీక్షించేవాళ్లు ఎవరూ ఉండరు, "నికోటిన్ లేదు" అని రాసినదాంట్లోనూ ఉండొచ్చు. ఇంకో మాట, తాను కొన్నది ఫ్రెండ్‌కు వందరూపాయలు ఎక్కువేసి ఇచ్చినా అది అమ్మకమే. మొదటి తప్పుకే ఏడాది దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఈ సంగతి చాలామంది పిల్లలకు తెలియదు.

"టెన్షన్ తగ్గుతాది నాన్నా, దాంతోనే చదవగలుగుతాండా" అన్నాడంట కొడుకు. వాడు అబద్ధం చెప్పలేదు, వాడికి అట్లే అనిపిస్తుంది. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. రోజూ నికోటిన్ తగిలిన మెదడు అది అతుక్కునే గ్రాహకాలను పెంచుకుంటుంది. అవి ఖాళీ అయినప్పుడు చిరాకు, ఆందోళన, పుస్తకం మీద మనసు నిలవకపోవడం. అప్పుడు రెండు దమ్ములు లాగితే ఇవన్నీ తగ్గుతాయి, చదువు సాగుతుంది. చెప్పు కరుస్తున్న కాలికి చెప్పు విప్పితే ఎంత హాయో ఇదీ అంతే, ఆ చెప్పు తొడిగింది కూడా అదే వేప్. మనసును అదుపులో పెట్టే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది, అందుకే ఈ వయసులో పట్టు తొందరగా పడుతుంది.

ఇప్పుడు మాట్లాడే సంగతి. దొరికిన రాత్రే మాట్లాడొద్దని మా స్నేహితుడికి చెప్పినాను. ఆ రాత్రి తండ్రి కోపంలో ఉంటాడు, కొడుకు తప్పించుకునే ఆలోచనలో ఉంటాడు. రెండ్రోజులాగి, ఆదివారం పొద్దున వాణ్ని బండి మీద ఎక్కించుకొని ఉగ్గాని బజ్జి తినడానికి తీసుకుపోయినాడు. అమ్మ లేదు, జేజి లేదు, నలుగురిలో పరువు పోయే భయం లేదు. తింటూ అడిగిన ప్రశ్నలు మూడే.

"పొద్దున లేచినాక ఎంతసేపటికి కావాలనిపిస్తాది నాయనా?"

చానాసేపు మాట్లాడలేదంట. తర్వాత, "లేస్తానే. బాత్రూంలో."

"మానాలని ఎప్పుడైనా చూసినావా?"

"రెండుసార్లు. కాలా."

"క్లాసులో అది లేకుంటే ఎట్లుంటాది?"

"కోపమొస్తాది. ఎవురు మాట్లాడినా కోపమే."

ఈ ప్రశ్నలను గాల్లోంచి తీయలేదు. డాక్టర్లు అలవాటు ఎంత ముదిరిందో చూసేది వీటితోనే. లేచిన అయిదు నిమిషాల్లోపే కావాలంటే పట్టు గట్టిది. మానాలని చూసి మానలేకపోయానంటే, ఆ ఒక్క జవాబుతోనే పగ్గాలు వాడి చేతిలోంచి జారినాయని అర్థం. "ఎందుకు తాగినావు, ఎవడు నేర్పినాడు" అని అడిగితే ఒక అబద్ధం వస్తుంది, ఒక ఫ్రెండ్ పేరు వస్తుంది, మనకు కావాల్సిన సమాచారం మాత్రం రాదు. ఊపిరితిత్తులు పోతాయి, చచ్చిపోతావు అని బెదిరించడం కూడా పనిచేయదు. వాడికి ఆ రోజు ఏమీ కాలేదు కదా, కాబట్టి నాన్నకు దీని గురించి తెలియదని తేల్చుకుంటాడు. నోరు ఎండిపోవడం, మాటిమాటికీ నీళ్లు తాగడం, ముక్కులోంచి రక్తం రావడం లాంటివి గుర్తులే గానీ అనంతపురం ఎండల్లో అవి ఎవరికైనా ఉంటాయి, వాటిని పట్టుకొని నేరం మోపొద్దు.

ఆపడానికి రోజు మాత్రం చూసుకోవాలి. కష్టమంతా మొదటి మూడు రోజులు. రెండో రోజు, మూడో రోజు చిరాకు శిఖరానికి చేరి, ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. కాబట్టి ప్రాక్టికల్స్ ముందు వారం పెట్టుకోవద్దు. ఒక్కో కోరిక కొన్ని నిమిషాలే ఉంటుంది, ఆ నిమిషాలు దాటడానికి చేతికి పని, నోటికి ఏదో ఒకటి ఉండాలి. మామిడి వాసన చూయింగ్ గమ్ మాత్రం వద్దు, ఎందుకో పైన చెప్పినాను. నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు డాక్టర్ చెప్తేనే. పొగాకు మానడానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబర్ 1800-11-2356, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. దొరికిన వేప్‌ను చెత్తబుట్టలో పారేయొద్దు, లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, ఆ ద్రవం చిన్నపిల్లల నోట్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

మా స్నేహితుడి కొడుకు దసరా సెలవుల్లో మొదటి రోజు ఆపినాడు. రెండో రోజు చెల్లెలి మీద పళ్లెం విసిరినాడు, మూడో రోజంతా పడుకున్నాడు, నాలుగో రోజు సాయంత్రం ఫ్రెండ్ దగ్గర రెండు దమ్ములు లాగి, ఇంటికొచ్చి తనంతట తానే చెప్పినాడు. మా స్నేహితుడు ఒకటే అడిగినాడంట, "ఎన్ని గంటలు ఆపినావు?" పిల్లవాడు వేళ్ల మీద లెక్కపెట్టి, ఎనభై ఏడు అన్నాడు. "ఎక్కడ తాగినావు?" టవర్ క్లాక్ దగ్గర, ట్యూషన్ అయిపోయినాక, రోజూ తాగే చోటే. ఆ మర్నాటి నుంచి ట్యూషన్ అయ్యే వేళకి తండ్రి కొట్టు పనివాడికి అప్పజెప్పి, వేరే దారిలో వాణ్ని బండి మీద తీసుకొస్తున్నాడు. ఇప్పటికి అయిదు వారాలు.