లోడ్ పెట్టకుండానే ఫుల్ లోడ్ వేడి: రెండు ట్రాన్స్‌ఫార్మర్ల బ్యాక్ టు బ్యాక్ పరీక్ష

100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ మీద గంటల తరబడి నడిస్తే ఎంత వేడెక్కుతుంది? నేరుగా తేల్చాలంటే అంత లోడూ నిజంగా పెట్టి, రోజంతా ఆ కరెంటును రెసిస్టెన్స్ బ్యాంకుల్లో తగలెయ్యాలి. కానీ ఆ 100 కేవీఏలో ట్రాన్స్‌ఫార్మర్‌ని వేడెక్కించేది చాలా తక్కువ, మిగతాదంతా దాని గుండా వెళ్లి లోడ్‌కి చేరిపోతుంది. వేడి పుట్టించేవి నష్టాలే. కోర్‌లో పుట్టే ఐరన్ లాస్ వోల్టేజీ మీద, తీగల్లో పుట్టే కాపర్ లాస్ కరెంటు మీద ఆధారపడతాయి. ఈ రెండూ ఒకే సప్లై నుంచి రావాలని ఎక్కడా లేదు కదా, ఈ పరీక్ష అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని సంప్నర్ టెస్ట్ అంటారు.

అచ్చంగా ఒకేలాంటివి రెండు తీసుకుందాం: సింగిల్ ఫేజ్, 100 కేవీఏ, 2200/220 వోల్టులు. 220 వైపులు రెండింటినీ సమాంతరంగా సప్లైకి కలపాలి. 2200 వైపులను మాత్రం ఒకదాని వోల్టేజీని మరొకటి కొట్టేసేలా ఎదురెదురుగా సిరీస్‌లో కలపాలి. సరిగ్గా కుదిరిందో లేదో చూడకుండా ఆ లూప్ మూశారంటే ప్రమాదం. తప్పుగా కలిస్తే అది రెండు ట్రాన్స్‌ఫార్మర్లనూ షార్ట్ చేసినట్టే, ఇంపీడెన్స్ 4 శాతం ఉంటే ఫుల్ లోడ్‌కి 25 రెట్ల కరెంటు దూకుతుంది. అందుకే ముందు 220 బదులు 22 వోల్టులే ఇచ్చి, కలపకుండా వదిలిన రెండు చివర్ల మధ్య వోల్ట్ మీటర్ పెట్టి చూస్తారు. సున్నా దగ్గర ఉంటే సరే, 440 చూపిస్తే ఒకదాని చివర్లు తారుమారు చెయ్యాలి.

ఇప్పుడు సప్లైని 220కి తెస్తే రెండు కోర్‌లకూ పూర్తి వోల్టేజీ అందుతుంది, అటువైపు లూప్‌లో మాత్రం కరెంటు దాదాపు ఉండదు. ఆ లూప్‌లోకి వేరియాక్, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజీ మెల్లగా పెంచుతారు. ఒక్కోదానికి 88 చొప్పున, 176 వోల్టులు ఇచ్చేసరికి ఫుల్ లోడ్ కరెంటు, అంటే 45 ఆంపియర్లు, తిరగడం మొదలవుతుంది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. అటు 45 ఆంపియర్లు తిరుగుతుంటే ఇటు 220 వైపు 454 తిరగాలి. తిరుగుతుంది కూడా, కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయటికొచ్చినది రెండోదానిలోకి వెళ్లిపోతుంది, సప్లై దాకా రాదు. సప్లై వైరులో కోర్‌లకు కావలసిన నో లోడ్ కరెంటు, మన లెక్కలో ఓ 18 ఆంపియర్లు, అంతే. కాబట్టి సప్లై కేబుల్ సన్నదైనా చాలు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లనూ కలిపే ముక్క మాత్రం 454ని మోసేంత లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి. ఇది మరచిపోతే ముందు వేడెక్కేది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, ఆ వైరు.

సప్లై వైపు వాట్ మీటర్ 800 చూపిస్తే ఒక్కోదాని ఐరన్ లాస్ 400 వాట్లు. లూప్ వైపు వాట్ మీటర్ చల్లగా ఉన్నప్పుడు 2050 దగ్గర మొదలై, కరెంటును 45 దగ్గరే నిలుపుతూ ఉంటే గంటలు గడిచేకొద్దీ 2450 దాకా ఎక్కుతుంది. తీగ వేడెక్కి దాని రెసిస్టెన్స్ పెరగడమే అందుకు కారణం. మొత్తం మీద 200 కేవీఏ లోడ్ వేడిని మూడుంపావు కిలోవాట్లతో పుట్టించాం.

ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి తొందరపడి లాభం లేదు. పైభాగం ఆయిల్ ఉష్ణోగ్రత గంటకు 1 డిగ్రీ కన్నా తక్కువ మారేదాకా ఆగాలి. తర్వాత సప్లై రెండువైపులా ఆపి, వైండింగ్ రెసిస్టెన్స్‌ని డీసీతో కొలుస్తారు. చల్లగా 30 డిగ్రీల దగ్గర 0.250 ఓమ్‌లు ఉన్నది ఇప్పుడు 0.299 అయిందనుకోండి. రాగికి లెక్క ఇలా వేస్తారు:

```
(0.299 / 0.250) × (235 + 30) − 235 ≈ 82
```

బయటి గాలి 34 డిగ్రీలుంటే పెరుగుదల 48, ఆయిల్‌తో నడిచేవాటి వైండింగ్‌కి ఐఈసీ ప్రమాణం ఇచ్చే 65కి లోపలే. కానీ కరెంటు ఆపిన మరుక్షణం నుంచీ వైండింగ్ చల్లబడుతుంది, డీసీ కరెంటు నిలదొక్కుకుని మొదటి రీడింగ్ వచ్చేసరికే ఓ రెండు నిమిషాలు పోతాయి. అప్పటికి 0.295 వచ్చిందంటే జవాబు 78 దగ్గరికి జారిపోతుంది, అంటే 4 డిగ్రీలు తప్పు. అందుకని ఒక్క రీడింగ్‌తో సరిపెట్టరు, నిమిషానికొకటి చొప్పున వరసగా తీసి, గ్రాఫ్ గీసి, ఆ గీతను కరెంటు ఆపిన క్షణం దాకా వెనక్కి పొడిగించి 0.299ని పట్టుకుంటారు.

వాట్ మీటర్లు చెప్పేది రెండింటి లెక్కా కలిపి, రెండూ ఒకేలాంటివన్న నమ్మకంతోనే దాన్ని సగం చేస్తున్నాం. లూప్ మూసి, ఇంకా వోల్టేజీ ఎక్కించకముందే ఆమ్మీటర్ ఓ 3 ఆంపియర్లు చూపిస్తే, రెండింటి చుట్ల నిష్పత్తి ఒకేలా లేదన్నమాట, సగం లెక్క అప్పుడు చెల్లదు. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, థర్మామీటర్ ఒక్కో ట్యాంకుకి విడిగా పెట్టి, రెసిస్టెన్స్‌నీ ఒక్కోదానికి విడిగానే కొలవాలి.